మాటకు రూపాయి అయితే గంటకు ఎంత?

(పొదిలిలో ఇంటి దగ్గర పని చేసుకునే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ సమావేశంలో పొద్దుటి నుంచీ పత్తి తీత కూలి గురించి, మిరప కోత గురించి, బీడీలు, కుట్టుపని గురించి విన్నాం. నా పని వీటిలో దేనికీ చెందనట్టు కనిపిస్తుంది. నేను సెల్‌ఫోన్‌లో వచ్చే యాప్‌లనూ ఆటలనూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారుస్తాను. ఈ పనిని లోకలైజేషన్ అంటారు. మా వీధిలో మాత్రం "ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటుంది" అంటారు. కానీ పొద్దుట ఒక అక్క పత్తి తీత గురించి చెబుతుంటే ఆమె నా సంగతే చెబుతున్నదేమో అనిపించింది.

ఆమె అన్నది ఇది. పత్తి తీతకు కిలోకి ఇంత అని కూలి కట్టినప్పుడు మొదటి తీతలో గిట్టుబాటు అవుతుంది. చెట్టు నిండా విచ్చుకున్న కాయలుంటాయి, చెయ్యి పెడితే పత్తి వస్తుంది. ఆఖరి తీతకు వచ్చేసరికి అక్కడొక కాయ, ఇక్కడొక కాయ. చేను అంతే, నడక అంతే, ఎండ అంతే, కాటా మీద మాత్రం సగం కూడా ఉండదు. కిలోకి రేటు మారలేదు, గంటకు వచ్చే కూలి పడిపోయింది. మా పనిలో కిలో బదులు మాటను లెక్కపెడతారు. తేడా అంతే.

ఎం.ఏ. తెలుగు చదివి, బి.ఇడి. చేసి, పిల్లల్ని చూసుకుంటూ ఇంటి దగ్గరే చేసుకునే పని కోసం వెతుకుతుంటే ఒక ఏజెన్సీ ద్వారా ఇది దొరికింది. ఇంగ్లీషు మాటకు ఒక రూపాయి అన్నారు. వెయ్యి మాటలైతే వెయ్యి రూపాయలు కదా, నాలుగు గంటల పని అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో మీకు వివరంగా చెబుతాను. మన ఊళ్ళలో చదువుకున్న ఆడపిల్లలు చాలామంది ఇప్పుడు ఈ పని వైపు చూస్తున్నారు. వాళ్ళకు సలహా చెప్పవలసి వచ్చేది ఇక్కడ కూర్చున్న మీకే.

మొదటి సంగతి, మా చేతికి వచ్చే పాఠం ఎలా ఉంటుంది? కథలాగానో, వ్యాసంలాగానో ఉండదు. ముక్కలు ముక్కలుగా ఒక పట్టికలో వస్తుంది. ఒక్కొక్క ముక్క ఒక బటన్ మీద రాతో, ఒక హెచ్చరికో, ఒక చిన్న సూచనో అయి ఉంటుంది. ఆ ముక్క తెరమీద ఎక్కడ వస్తుందో, పక్కన ఏ బొమ్మ ఉంటుందో చాలాసార్లు చెప్పరు. పక్క గడిలో ఒక అంకె ఉంటుంది. ఈ ముక్క తెలుగులో ఇన్ని అక్షరాలు మించకూడదని దాని అర్థం.

ఇక్కడ "అక్షరం" అన్న మాట దగ్గరే మనకు మోసం జరుగుతుంది. "స్త్రీ" అన్న మాట తీసుకోండి. మనం బడిలో నేర్చుకున్న లెక్కలో అది ఒకే అక్షరం. కంప్యూటరుకు అది ఆరు. స, దాని కింద పొల్లు, త, మళ్ళీ పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. వత్తుకు రెండు, గుణింతానికి ఒకటి చొప్పున లెక్క పెరుగుతుంది. కొన్ని కంపెనీలు అక్షరాలు కాక బైట్లు లెక్కపెడతాయి. మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో పైన చెప్పిన ప్రతి గుర్తుకూ మూడు. అప్పుడు అదే "స్త్రీ" పద్దెనిమిది అవుతుంది. సెల్‌ఫోన్ మెసేజీలోనూ ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో ఒక మెసేజీకి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 పడతాయి. కాబట్టి పని ఒప్పుకునే ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మీ అంకె దేనికి, గుర్తులకా, బైట్లకా, లేక తెరమీద వెడల్పుకా? గుర్తుల లెక్కయితే చూసుకోవడం తేలిక. పట్టిక ఎక్సెల్‌లో తెరిచి పక్క గడిలో ఈ సూత్రం రాస్తే చాలు, బి2 గడిలో ఉన్న తెలుగు పాఠం ఎన్ని గుర్తులో చెబుతుంది.

```
=LEN(B2)
```

ఇప్పుడు ఒక్క బటన్ సంగతి చెబుతాను. ఒక ఆటలో Claim reward అని వచ్చింది. ఇంగ్లీషులో సరిగ్గా పన్నెండు అక్షరాలు. మాకిచ్చిన పరిమితీ పన్నెండే. అంటే ఇంగ్లీషుకు కొలిచి కుట్టిన జాకెట్టు మనకు తొడగమన్నారన్నమాట. "బహుమతి తీసుకోండి" అని రాశాను, పదహారు వచ్చింది. "బహుమతి పొందండి" అంటే పద్నాలుగు. "బహుమతి పొందు" అంటే సరిగ్గా పన్నెండు, సరిపోయింది. కానీ ఆట అంతా "మీరు" అని పిలుస్తూ వచ్చి, బహుమతి ఇచ్చేటప్పుడు మాత్రం "పొందు" అని నువ్వులోకి దిగితే ఆడేవాళ్ళకు ఎలా ఉంటుంది? ఏజెన్సీ ఇచ్చిన నియమాల్లోనే గౌరవ వాచకం తప్పనిసరి అని రాసి ఉంది. చివరకు బటన్ మీద బహుమతి పెట్టె బొమ్మ ఏమైనా ఉందా అని రాసి అడిగాను. మర్నాడు జవాబు వచ్చింది, ఉందని. బొమ్మ ఉంటే "బహుమతి" అని మళ్ళీ రాయనక్కర్లేదు. "అందుకోండి" అని రాశాను, తొమ్మిది గుర్తులు. మర్యాదా నిలిచింది, చోటూ సరిపోయింది. రెండు మాటలు కాబట్టి దీనికి నాకు రెండు రూపాయలు. పట్టిన సమయం, అడగడంతో కలిపి, ఇరవై నిమిషాలు.

లెక్కకు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. తెలుగు రాతకు కింద వత్తులుంటాయి. ఇంగ్లీషుకు తయారుచేసిన బటన్‌లో ఎత్తు చాలక ఆ వత్తులు తెగిపోతాయి. "మళ్ళీ" కాస్తా "మళీ" లాగా కనిపిస్తుంది. ఇది పట్టికలో చూస్తే తెలియదు. తెరమీద చూస్తేనే తెలుస్తుంది. అందుకని చివర ఆటను ఫోన్‌లో వేసుకుని ఒక్కొక్క తెరా తిప్పి చూడాలి. ఆ తిప్పడంలో ఒక్క మాటా కొత్తగా అనువాదం కాదు. కాబట్టి మాటల లెక్కలో ఆ గంటలకు విలువ సున్నా.

రెండో సంగతి ట్రాన్స్‌లేషన్ మెమరీ. తెలుగులో అనువాద జ్ఞాపకం అనుకోవచ్చు. ఇది మనకు బదులు అనువాదం చేసే యంత్రం కాదు. మనం చేసిన ప్రతి ఇంగ్లీషు ముక్కనూ దాని తెలుగునూ జంటగా దాచిపెట్టే ఒక పుస్తకం లాంటిది. తర్వాత అదే ముక్క మళ్ళీ వస్తే పాత తెలుగును ఎదురుగా పెడుతుంది. దాన్ని వంద శాతం పోలిక అంటారు. దగ్గరి ముక్క వస్తే, ఉదాహరణకు Claim reward బదులు Claim rewards అని వస్తే, ఎంత పోలిక ఉందో శాతంలో చెప్పి పాతదాన్ని చూపిస్తుంది. ఒమెగా-టి అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోవాలనుకునేవాళ్ళు దానితో మొదలుపెట్టవచ్చు. మనం చేసిన జంటలన్నీ ఆ పని ఫోల్డరులోనే project_save.tmx అనే ఫైలులో చేరతాయి.

పనిముట్టుగా ఇది మంచిదే. చేసిన పని మళ్ళీ చేయనక్కర్లేదు, ఒకే మాట ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాకుండా చూస్తుంది. చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. పని ఇచ్చే ముందు ఏజెన్సీ ఈ మెమరీతో పాఠాన్ని పోల్చి చూస్తుంది. కొత్త మాటలు ఎన్ని, దగ్గరి పోలికలు ఎన్ని, వంద శాతం పోలికలు ఎన్ని అని విడగొట్టి, కొత్తవాటికే పూర్తి రేటు కడుతుంది. నాకు పని ఇచ్చినవాళ్ళు దగ్గరి పోలికకు సగం, వంద శాతం పోలికకు అయిదో వంతు ఇచ్చారు.

వంద శాతం పోలిక అంటే చూడనక్కర్లేదా? Open అన్న మాట చూడండి. పెట్టె మీద ఉంటే "తెరవండి". దుకాణం మీద ఉంటే "తెరిచి ఉంది". ఇంగ్లీషులో రెండూ ఒకటే కాబట్టి మెమరీ రెండింటికీ వంద శాతం అంటుంది. ఒకదాన్ని తెచ్చి రెండోచోట పెడుతుంది. మనిషి చూస్తేనే తప్పు తెలుస్తుంది. ఆ చూసే మనిషికి మాటకు ఇరవై పైసలు.

ఇంకొకటి, మనకు ముఖ్యమైనది. నాకు వచ్చిన మెమరీలో "%s ఆటలో గెలిచాడు" అని ఉంది. ఆ %s అన్నచోట ఆట నడిచేటప్పుడు ఆడేవాళ్ళ పేరు వచ్చి కూర్చుంటుంది. అంటే ఏ ఆడపిల్ల గెలిచినా తెరమీద "గెలిచాడు" అనే వస్తుంది. నాకు ముందు చేసినవారికి గెలిచేది మగవాడే అనిపించింది కాబోలు. మెమరీ దాన్ని దాచి, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆటలోకీ మోసుకొచ్చింది. తెలుగులో దీనికి విరుగుడు చాలా సులువు. "గెలిచారు" అంటే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సరిపోతుంది. గుర్తుల లెక్క కూడా మారదు, రెండూ ఎనిమిదే. ఒక్క అక్షరం మార్చాలి. అలాంటివి నలభై చోట్ల ఉన్నాయని రాస్తే, వంద శాతం పోలికలను ముట్టుకోవద్దు, వాటికి డబ్బు కేటాయించలేదు అని జవాబు వచ్చింది. నేను ముట్టుకున్నాను. ఆ సమయానికి ఎవరూ డబ్బు కట్టలేదు.

ఇంకా ఒక విడ్డూరం ఉంది. నేను మొదటిసారి పూర్తి రేటుకు చేసిన ముక్కలు ఏజెన్సీ మెమరీలో చేరాయి. ఆరు నెలల తర్వాత అదే ఆటకు మార్పులు వచ్చినప్పుడు నా మాటలే నాకు ఎదురై నా కూలిలో కోత పెట్టాయి. విత్తనం మనదే, పంట మీద కౌలు కూడా మనమే కట్టినట్టు.

ఇప్పుడు మొత్తం లెక్క ఒకసారి చూద్దాం. ఆ ఆటలో మాటలు 1,200. కొత్తవి 500, వాటికి 500 రూపాయలు. దగ్గరి పోలికలు 400, సగం చొప్పున 200. వంద శాతం పోలికలు 300, ఇరవై పైసల చొప్పున 60. మొత్తం 760 రూపాయలు. మొదట 1,200 అనుకున్నది 760 అయింది.

ఎందుకో ఆ పనికి మాత్రం పిల్లల పాత నోటుబుక్కులో గంటలు రాసుకుంటూ వచ్చాను. పొయ్యి దగ్గరకు లేచినప్పుడు, కరెంటు పోయినప్పుడు గంటలు ఆపేశాను. కొత్త మాటలకు నాలుగు గంటలు పట్టింది. పరిమితి ఉన్న ముక్కలు 120 ఉన్నాయి, వాటిని కుదించడానికి ఆరు గంటలు. దగ్గరి పోలికలు సరిచేయడానికి మూడు, వంద శాతం పోలికలు చూడటానికి ఒకటి, ప్రశ్నలు రాయడానికి ఒకటి, ఫోన్‌లో తెరలు తిప్పి చూడటానికి నాలుగు. మొత్తం పందొమ్మిది గంటలు. 760ని పందొమ్మిదితో భాగించండి. గంటకు నలభై రూపాయలు. ఎనిమిది గంటలకు 320. ఇక్కడున్న వాళ్ళలో మిరప కోతకు వెళ్ళేవాళ్ళు తమ కూలిని దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు. నేను చూసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. ఇంటర్నెట్టు, కరెంటు, కంప్యూటరు నావే, వాటి ఖర్చు ఇందులో తీయనే లేదు.

అయితే మాటల రేటే చెడ్డది, గంటల రేటే మంచిది అని నేను అనను. అదే ఆటను అమ్మే యాప్ స్టోరులో పెట్టే వర్ణన ఉంటుంది. గూగుల్ ప్లేలో దానికి 4,000 అక్షరాల వరకు చోటుంటుంది. అది వరసగా సాగే వచనం, చెయ్యి తిరిగాక నేను గంటకు మూడు వందల మాటలు చేయగలను. మాటకు రూపాయి అయితే గంటకు మూడు వందలు. అది మొదటి తీత. అక్కడ గంటకు కూలి ఒప్పుకుంటే మన నైపుణ్యానికి మనమే నష్టం తెచ్చుకున్నట్టు. అదే స్టోరులో యాప్ పేరుకు 30, చిన్న పరిచయానికి 80 మాత్రమే చోటుంటుంది. అది, బటన్లు, పోలికలు చూడటం, తెరలు తిప్పడం, ఇదంతా ఆఖరి తీత. దీనికి గంటల లెక్కే న్యాయం. ఒకే పనిలో రెండు రకాలూ ఉన్నప్పుడు రెండు రేట్లు అడగాలి. మాటల లెక్క ఒప్పుకున్నచోట ఇంగ్లీషు మాటలా, తెలుగు మాటలా అన్నది కూడా రాయించుకోవాలి. You were not able to win ఇంగ్లీషులో ఆరు మాటలు. "మీరు గెలవలేకపోయారు" రెండే. మన భాషలో ప్రత్యయాలు మాటకు అతుక్కుంటాయి కాబట్టి తెలుగు మాటలు లెక్కపెడితే పని అదే ఉండి కూలి తగ్గిపోతుంది.

తర్వాతి పని వచ్చినప్పుడు నోటుబుక్కు లెక్కంతా టైపు చేసి ఏజెన్సీకి పంపాను. వరస వచనానికి మాటకు రూపాయి, పరిమితి ఉన్న ముక్కలకూ తెరలు చూడటానికీ గంటకు 200 అడిగాను. బేరం 150 దగ్గర తెగింది. ఎన్ని గంటలు పడుతుందో ముందే చెప్పాలన్నారు. పాత లెక్క ప్రకారం గంటకు ఇరవై ముక్కలు. ఈసారి 140 ముక్కలున్నాయి, ఏడు గంటలు అని రాసిచ్చాను, ఒప్పుకున్నారు. వరస వచనం 450 మాటలు, 450 రూపాయలు. ఏడు గంటలకు 1,050. మొత్తం 1,500. తెరలు చూడటం వేరే రాయడం మర్చిపోయాను, దానికి పట్టిన రెండు గంటలు నా ఖాతాలోనే పోయాయి. వచనానికి పట్టిన రెండున్నర గంటలతో కలిపి పదకొండున్నర గంటలు, అంటే గంటకు దాదాపు 130. నలభై నుంచి నూట ముప్పైకి వచ్చింది. నేను గొప్పగా పోరాడానని కాదు. నా దగ్గర లెక్క ఉంది, వాళ్ళ దగ్గర దానికి జవాబు లేదు, అంతే. ఇంకొకరికి ఇచ్చుకుంటామని అంటే మాత్రం ఆ లెక్కతో నేను ఒక్కదాన్నీ ఏమీ చేయలేకపోయేదాన్ని.

చట్టం ఏమంటుందని మీరు అడుగుతారు. మమ్మల్ని ఉద్యోగులు అనరు, స్వతంత్ర కాంట్రాక్టరు అంటారు. అందుకని కనీస వేతనం మా దాకా రాదు. 1996లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పని చేసేవారి కోసం 177వ ఒప్పందం చేసింది. దాని వెనక అహ్మదాబాదు సేవా సంఘపు అక్కల శ్రమ చాలా ఉంది. దానితో పాటు వచ్చిన 184వ సిఫారసులో కరెంటు, ఫోను ఖర్చులూ, సామాను విప్పి సర్దుకునే సమయమూ కూడా కూలిలో లెక్కకట్టాలని ఉంది. నేను నోటుబుక్కులో రాసినవి సరిగ్గా ఆ లెక్కలోకే వస్తాయి. మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు.

ప్రస్తుతం చేతికి అందేది ఒకటుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం ఒక్క మనిషి చేసే సేవ కూడా సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు కావచ్చు. నమోదయ్యాక, మన దేశంలోని కొనుగోలుదారు పని అందుకున్న 45 రోజుల లోపు డబ్బు కట్టాలి. కట్టకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ అడగవచ్చు. ఇది రేటును పెంచదు, ఎగవేతను మాత్రం కొంత ఆపుతుంది. అందుకే పని చేసిచ్చిన తేదీ, వాళ్ళు అందిందని రాసిన ఈ-మెయిలు భద్రంగా ఉంచుకోవాలి.

ఇక్కడున్న సంఘాల మిత్రులను నేను కోరేది ఒక్కటే. ఈ పని చేస్తున్న ఆడపిల్లలు మీ మండలాల్లో ఉంటే వాళ్ళను కలిపి కూర్చోబెట్టండి. కంపెనీ పాఠం బయటపెట్టకూడదని మేము సంతకం చేసి ఉంటాం, దాన్ని ఎవరూ చూపించనక్కర్లేదు. ఎన్ని మాటలు, పరిమితి ఉన్న ముక్కలు ఎన్ని, ఎన్ని గంటలు, ఎంత డబ్బు, ఈ నాలుగు అంకెలు చాలు. పదిమంది నోటుబుక్కులు పక్కపక్కన పెడితే గంటకు ఎంత అడగాలో తెలుస్తుంది. పొద్దుట మాట్లాడిన అక్క చెప్పింది, వాళ్ళ ముఠాలో ఆఖరి తీతకు కిలో కూలికి ఎవరూ వెళ్ళరని, రోజు కూలి అయితేనే చేలో దిగుతారని. వాళ్ళు ఆ మాట అనగలిగింది ముఠాగా వెళ్తారు కాబట్టి. మేము ఒక్కొక్కళ్ళం ఒక్కొక్క గదిలో కూర్చుని చేస్తున్నాం. ముందు ఒకరి పేరు ఒకరికి తెలియాలి.

సెలవు.